ఒకే కాలువలో మూడు నడకలు: గ్రేడియంట్ డిసెంట్, మొమెంటమ్, ఆడమ్

మోడల్ ట్రైనింగ్ మొదలుపెట్టాక లాస్ మొదటి కొన్ని వందల స్టెప్పుల్లో గబగబా దిగిపోతుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి నత్తనడక పడుతుంది. ఇది ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యేదే. సరే, లెర్నింగ్ రేట్ కాస్త పెంచుదామని చూస్తే లాస్ పైకి ఎగిరి చివరికి `nan` కనిపిస్తుంది. తగ్గిస్తే బండి అస్సలు కదలదు. మధ్యలో ఎక్కడో సరైన విలువ దొరుకుతుందని గంటల తరబడి వెతుకుతారు గానీ, చాలాసార్లు అలాంటి విలువ ఉండదు. ఎందుకు ఉండదో ఒక చిన్న లెక్క వేస్తే తెలిసిపోతుంది. మొమెంటమ్, ఆడమ్ అనే రెండు పద్ధతులు ఏ రోగానికి మందుగా వచ్చాయో కూడా ఆ లెక్కలోనే దొరుకుతుంది.

ఒక సాగునీటి కాలువను ఊహించుకోండి. గట్లు నిటారుగా ఉంటాయి, నీళ్లు పారే దిశలో మాత్రం వాలు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. న్యూరల్ నెట్‌వర్క్‌ల లాస్ చాలా చోట్ల ఇలాగే ఉంటుంది, కాకపోతే రెండు దిశలకు బదులు లక్షల దిశలు. మనం రెండింటితోనే పని కానిద్దాం:

```
f(x, y) = (x² + 100·y²) / 2
గ్రేడియంట్ = (x, 100·y)
```

ఇక్కడ x నీళ్లు పారే దిశ, y గట్టు దిశ. y వైపు వంపు x వైపు కంటే 100 రెట్లు ఎక్కువ. (10, 1) దగ్గర బయలుదేరి (0, 0) కి చేరాలి.

మామూలు గ్రేడియంట్ డిసెంట్ నియమం ఒక్క ముక్కే: గ్రేడియంట్ ఎటు పైకి చూపిస్తే దానికి ఎదురుగా, లెర్నింగ్ రేట్‌తో గుణించినంత దూరం వెళ్లాలి. ఆలోచన పాతదే, 1847లో కోషీ రాసినది. w = w − lr·g అంతే, ఇందులో w వెయిట్, lr లెర్నింగ్ రేట్, g గ్రేడియంట్. దీన్ని y కి పెట్టి చూస్తే కొత్త y = (1 − 100·lr)·y అవుతుంది. అంటే ప్రతి స్టెప్పులోనూ y ఒకే సంఖ్యతో గుణించబడుతుంది. ఆ సంఖ్య −1 కంటే కిందికి పోయిందంటే y తగ్గదు, అటూ ఇటూ ఊగుతూ పెరుగుతుంది. కాబట్టి lr ఎట్టి పరిస్థితిలోనూ 0.02 దాటకూడదు. 0.021 పెట్టి చూడండి: గుణకం −1.1, y విలువలు 1, −1.1, 1.21, −1.33 అని పోతూ 50 స్టెప్పులకు 117 దాటేస్తాయి. స్క్రీన్ మీద `nan` కనిపించే ముందు లోపల జరిగేది ఇదే.

సరే, 0.018 తీసుకుందాం, హద్దుకు దగ్గరే కానీ లోపలే. y గుణకం −0.8. అంటే 1, −0.8, 0.64, −0.51 అని రెండు గట్లకూ తగులుతూ మెల్లగా సర్దుకుంటుంది. x సంగతి చూడండి: గుణకం 0.982. మొదటి స్టెప్పులో 10 నుంచి 9.82, అయిదు స్టెప్పులయ్యాక 9.13, వంద స్టెప్పులయ్యాక కూడా 1.63. x ని 0.01 దాకా తేవడానికి 381 స్టెప్పులు కావాలి.

అసలు చిక్కంతా ఇక్కడే. x కి lr ఇంకా చాలా పెద్దది కావాలి, 0.5 పెట్టినా దానికి ఏమీ కాదు. y కి 0.02 దాటితే ప్రమాదం. కానీ ఉన్నది ఒకే ఒక్క lr, అది ఇద్దరికీ సరిపోవాలి. నిటారు దిశ ఎంత అనుమతిస్తే అంతే, మిగతా దిశలన్నీ దాని వేగంతోనే నడవాలి. రెండు వంపుల నిష్పత్తి ఇక్కడ 100, నిజమైన నెట్‌వర్క్‌లో అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండొచ్చు.

మొమెంటమ్: గతాన్ని మోసుకెళ్లడం

1964లో బోరిస్ పోల్యాక్ అనే సోవియట్ గణిత శాస్త్రవేత్త ఒక చిన్న మార్పు ప్రతిపాదించాడు. దాన్ని బరువైన బంతి పద్ధతి అంటారు. ఇప్పుడున్న వాలును మాత్రమే చూడకుండా, ఇంతవరకూ వచ్చిన ఊపును కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది ఆలోచన. దాని కోసం ప్రతి వెయిట్‌కీ పక్కన ఇంకో సంఖ్య దాచుకోవాలి, దాన్ని v అందాం, మొదట్లో సున్నా:

```
v = 0.9·v + g
w = w − lr·v
```

మొదటి లైనులో పాత ఊపులో పదో వంతు వదిలేసి, మిగిలినదానికి ఇప్పటి గ్రేడియంట్ కలుపుతున్నాం. రెండో లైనులో గ్రేడియంట్ బదులు ఆ ఊపుతో నడుస్తున్నాం. 0.9 ని సాధారణంగా β అంటారు.

ఈ లైను చేసే పని అర్థం కావాలంటే రెండు సందర్భాలు చూస్తే చాలు. గ్రేడియంట్ ప్రతిసారీ ఒకే వైపు, ఒకే పరిమాణంలో వస్తోందనుకుందాం. అప్పుడు v లో పోగయ్యేది g + 0.9g + 0.81g + ... ఈ వరుస మొత్తం 10g. అంటే ఆ దిశలో lr పది రెట్లు పెంచినట్టే. గ్రేడియంట్ ప్రతిసారీ గుర్తు మార్చుకుంటూ, ఒకసారి ప్లస్ ఒకసారి మైనస్‌గా వస్తోందనుకుంటే పోగయ్యేది g − 0.9g + 0.81g − ..., మొత్తం 0.53g మాత్రమే. అంటే స్థిరంగా ఒకే వైపు చూపే దిశకూ ఊగిసలాడే దిశకూ మధ్య 19 రెట్ల తేడా వచ్చేసింది. ఏ దిశ ఏదో మనం చెప్పనక్కర్లేదు, గ్రేడియంట్ల చరిత్రే చెబుతుంది.

ఇప్పుడు మన కాలువలో చేత్తో లెక్కేద్దాం, అదే lr 0.018, అదే (10, 1).

మొదటి స్టెప్పులో గ్రేడియంట్ (10, 100). v ఖాళీగా ఉంది కాబట్టి v కూడా (10, 100). x 9.82 కి, y −0.8 కి వస్తాయి. ఇంతవరకూ మామూలు పద్ధతికీ దీనికీ తేడా లేదు.

రెండో స్టెప్పులో గ్రేడియంట్ (9.82, −80). x వైపు v = 9 + 9.82 = 18.82. y వైపు v = 90 − 80 = 10. x 9.48 కి దిగింది, y −0.98 కి వెళ్లింది.

మూడో స్టెప్పులో గ్రేడియంట్ (9.48, −98). x వైపు v 26.4 అయింది, y వైపు 9 − 98 = −89. x 9.01, y 0.62.

ఇలా అయిదో స్టెప్పుకి x 7.73 కి వస్తుంది. మామూలు పద్ధతిలో 9.13 దగ్గరే ఉంది. పదిహేనో స్టెప్పుకైతే మామూలు పద్ధతి 7.6 దగ్గర ఈడుస్తుంటే ఇక్కడ x సున్నా దాటేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. మొమెంటమ్ గురించి ఎక్కడ చదివినా "ఊగిసలాటను తగ్గిస్తుంది" అని రాసి ఉంటుంది. పై లెక్కలో y ని చూడండి: 1, −0.8, −0.98, 0.62, 0.94, −0.47. ఏం తగ్గింది? మామూలు పద్ధతిలో అయిదు స్టెప్పులకు y పరిమాణం 0.33 కి దిగితే, మొమెంటమ్‌తో ఇంకా 0.47 దగ్గర ఉంది. అదే lr ఉంచితే గట్టు దిశలో మొమెంటమ్ నిజానికి కొంచెం నెమ్మదే. దీర్ఘకాలంలో ఈ సెట్టింగ్‌తో రెండు దిశలూ స్టెప్పుకి సుమారు 0.949 చొప్పున (అది 0.9 కి వర్గమూలం) తగ్గుతాయి. గట్టు దిశ 0.8 నుంచి 0.949 కి దిగజారింది, పారే దిశ 0.982 నుంచి 0.949 కి బాగుపడింది. ఆలస్యమంతా పారే దిశ వల్లే కాబట్టి మొత్తం మీద లాభమే: 381 స్టెప్పుల పని సుమారు 130 లో అయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. lr హద్దు 0.02 నుంచి 0.038 కి జరుగుతుంది, ఎందుకంటే మొమెంటమ్ ఉన్నప్పుడు హద్దు 2 బదులు 2·(1 + β) ని వంపుతో భాగించినంత. ఊగిసలాట తగ్గడం కంటే, ఊగిసలాడుతూ కూడా పేలిపోకుండా ఉండడమే ఇక్కడ అసలు సంగతి.

రెండు పద్ధతులకీ వాటి వాటి అత్యుత్తమ విలువలు ఇచ్చి పోల్చడమే న్యాయం. మామూలు పద్ధతికి lr 0.0198 పెడితే x 0.01 కి చేరడానికి 345 స్టెప్పులు దాకా కావాలి. మొమెంటమ్‌కి lr 0.033, β 0.67 పెడితే 50 లోపే అయిపోతుంది. సిద్ధాంతం చెప్పేది కూడా ఇదే: మామూలు పద్ధతికి పట్టే స్టెప్పులు వంపుల నిష్పత్తితో పాటు పెరుగుతాయి, మొమెంటమ్‌కి పట్టేవి ఆ నిష్పత్తి వర్గమూలంతో పెరుగుతాయి. నిష్పత్తి 100 అయితే వర్గమూలం 10. నిష్పత్తి 10,000 అయితే తేడా 100 రెట్లు.

దీనికి చెల్లించే ధర ఏంటంటే, బరువైన బంతి ఆగాల్సిన చోట ఆగదు. పదిహేనో స్టెప్పులో x సున్నా దాటినప్పుడు v ఇంకా 35 ఉంది. అక్కడ గ్రేడియంట్ దాదాపు సున్నా, అయినా బంతి దొర్లుతూనే పోయి 24వ స్టెప్పులో −2.73 దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది. లాస్ గ్రాఫులో ఇది అలల్లా కనిపిస్తుంది: దిగడం, కొంచెం లేవడం, మళ్లీ దిగడం, ఒక్కో అల పదుల స్టెప్పుల పొడవు. బ్యాచ్ నాయిస్ వల్ల వచ్చే గీతలు స్టెప్పు స్టెప్పుకీ గజిబిజిగా ఉంటాయి, ఇవి నున్నగా ఉంటాయి. అలా నున్నటి అలలు పెద్దగా కనిపిస్తే β ఎక్కువైందని అనుమానించొచ్చు.

ఇంకో చిన్న ఉచ్చు ఉంది, చాలామంది పడేదే. పైన రాసిన v = 0.9·v + g అనే రూపం పైటార్చ్ వాడేది. కొన్ని పుస్తకాల్లో, కోర్సుల్లో v = 0.9·v + 0.1·g అని ఉంటుంది. రెండూ సరైనవే, కానీ మొదటిదాంట్లో v పది రెట్లు పెద్దగా ఉంటుంది. ఒకచోట చూసిన lr ని ఇంకోచోట అలాగే పెడితే పది రెట్లు తప్పు జరిగినట్టే. మొమెంటమ్ లేని కోడ్‌లో బాగా పనిచేసిన lr ని ఉంచి, పక్కన `momentum=0.9` అని చేర్చి, లాస్ గాడి తప్పిందని టెన్షన్ పడేవాళ్ల కథ కూడా చాలావరకు ఇదే.

ఆడమ్: ఒక్కో వెయిట్‌కి ఒక్కో కొలత

మొమెంటమ్ వచ్చినా lr మాత్రం ఇంకా ఒక్కటే. దాన్ని విడగొట్టి, ఒక్కో వెయిట్‌కి దాని గ్రేడియంట్ల పరిమాణాన్ని బట్టి విడివిడిగా స్టెప్పు ఇవ్వాలన్న ఆలోచన 2011లో అడాగ్రాడ్‌తో బలపడింది, 2012లో జెఫ్రీ హింటన్ తన ఆన్‌లైన్ కోర్సులో చెప్పిన ఆర్‌ఎమ్‌ఎస్‌ప్రాప్‌తో ఇంకాస్త ఆచరణలోకి వచ్చింది. డీడెరిక్ కింగ్మా, జిమ్మీ బా 2014 డిసెంబర్‌లో పెట్టిన పేపర్‌లో దీనికి మొమెంటమ్‌ను జతచేశారు. అదే ఆడమ్. నియమం మొత్తం అయిదు లైన్లు:

```python
m = b1*m + (1-b1)*g
v = b2*v + (1-b2)*g*g
m_hat = m / (1 - b1**t)
v_hat = v / (1 - b2**t)
w = w - lr * m_hat / (v_hat**0.5 + eps)
```

అలవాటుగా వాడే విలువలు: b1 0.9, b2 0.999, eps 1e-8, lr 0.001. t అంటే స్టెప్పు నంబర్, 1 నుంచి మొదలు. ఇక్కడి v, మొమెంటమ్‌లోని v ఒకటి కావు, అక్షరం ఒకటే అవడం వల్ల గందరగోళం వస్తుంది. ఆడమ్‌లో m అంటే గ్రేడియంట్ల నడుస్తున్న సగటు, ఇది మొమెంటమ్ భాగం. v అంటే గ్రేడియంట్ల వర్గాల నడుస్తున్న సగటు. వర్గం చేస్తే గుర్తు పోతుంది, కాబట్టి v కి దిశ తెలియదు, ఎంత పెద్ద గ్రేడియంట్లు వస్తున్నాయన్నదే తెలుస్తుంది. ఆఖరి లైనులో సగటును ఆ పరిమాణంతో భాగిస్తున్నాం.

మళ్లీ కాలువలోకి దిగుదాం. (10, 1) దగ్గర గ్రేడియంట్ (10, 100), lr 0.1 అనుకుందాం.

m: 0.1 చొప్పున తీసుకుంటే (1, 10). v: 10 వర్గం 100, అందులో వెయ్యో వంతు 0.1. 100 వర్గం 10,000, అందులో వెయ్యో వంతు 10. కాబట్టి v = (0.1, 10). తర్వాత సవరణ: t = 1 కాబట్టి m ని 0.1 తో భాగిస్తే (10, 100), v ని 0.001 తో భాగిస్తే (100, 10000). v వర్గమూలం (10, 100). భాగిస్తే (1, 1). lr తో గుణిస్తే రెండు వైపులా సరిగ్గా 0.1 కదలిక. x 9.9, y 0.9.

ఒక్కసారి ఆగి దీన్ని చూడండి. గ్రేడియంట్‌లో 100 రెట్లు... కాదు, ఈ బిందువు దగ్గర 10 రెట్లు తేడా ఉంది, స్టెప్పులో ఏ తేడా లేదు. రెండో స్టెప్పు కూడా వేసి చూద్దాం: గ్రేడియంట్ (9.9, 90). m = (1.89, 18), దాన్ని 0.19 తో భాగిస్తే (9.95, 94.7). v = (0.198, 18.09), దాన్ని 0.001999 తో భాగించి వర్గమూలం తీస్తే (9.95, 95.1). నిష్పత్తులు 0.9997, 0.996. x 9.8, y 0.8. మళ్లీ ఇద్దరూ సమానంగానే నడిచారు. గట్టు నిటారుగా ఉందా, వాలు చదునుగా ఉందా అన్నది ఆడమ్‌కి దాదాపు పట్టదు, గుర్తు నిలకడగా ఉన్నంతకాలం స్టెప్పుకి సుమారు lr అంత దూరం.

దీనివల్ల lr అర్థమే మారిపోతుంది. మామూలు పద్ధతిలో lr అంటే గ్రేడియంట్‌కి గుణకం, దానికి సొంతంగా అర్థం లేదు. ఆడమ్‌లో lr అంటే ఒక స్టెప్పులో ఒక వెయిట్ దాదాపు ఎంత కదలొచ్చో దాని కొలత. వెయిట్ల పరిమాణం 0.05 ఉన్నచోట lr 0.001 అంటే, 50 స్టెప్పుల్లో ఆ వెయిట్ సున్నాకి రాగలదు అని నేరుగా లెక్కేసుకోవచ్చు. ఇంకో ఫలితం: లాస్‌ని 64 సైజు బ్యాచ్ మీద సగటు తీయాల్సింది పొరపాటున మొత్తం తీశారనుకోండి, గ్రేడియంట్ 64 రెట్లు పెరుగుతుంది. మామూలు పద్ధతిలో రన్ అక్కడే చచ్చిపోతుంది. ఆడమ్‌లో పైనా కిందా అదే 64 కొట్టుకుపోతుంది, ఏమీ జరగనట్టే నడుస్తుంది. అదే lr 0.001 రకరకాల మోడళ్లలో పర్లేదనిపించేలా పనిచేయడానికి పెద్ద కారణం ఇదే అనిపిస్తుంది.

మూడో నాలుగో లైన్లలోని సవరణ ఎందుకో కూడా చూడాలి, ఎందుకంటే దీన్ని తరచూ తిరగేసి చెబుతారు. m, v సున్నాతో మొదలవుతాయి కాబట్టి మొదట్లో చిన్నగా ఉంటాయి, అందుకే స్టెప్పులు చిన్నవైపోతాయి, సవరణ వాటిని పెంచుతుంది అంటారు. లెక్క చేస్తే ఉల్టా వస్తుంది. సవరణ తీసేస్తే మొదటి స్టెప్పులో 1 ని √0.1 తో భాగించాలి, అంటే 3.16. స్టెప్పు మూడు రెట్లు పెద్దదైంది! m పదో వంతుకి తగ్గితే √v దాదాపు ముప్పై రెండో వంతుకి తగ్గింది, కింద ఉన్నది ఎక్కువ చిన్నదైతే భాగఫలం పెరుగుతుంది కదా. గ్రేడియంట్ స్థిరంగా ఉంటే ఈ అతి అక్కడితో ఆగదు, పన్నెండో స్టెప్పు దగ్గర ఆరున్నర రెట్లకు చేరి ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. సొంతంగా ఆడమ్ రాసుకుని సవరణ మర్చిపోయినవాళ్లకు మొదటి పది పన్నెండు స్టెప్పుల్లోనే లాస్ పైకి ఎగరడం కనిపిస్తే కారణం ఇదే.

ఆడమ్ ఎక్కడ తడబడుతుంది

మొదటిది, మన కాలువ x, y గీతలకు సరిగ్గా సమాంతరంగా ఉంది. నిజంగా అలా ఉండాలని ఏమీ లేదు. అదే కాలువను 45 డిగ్రీలు తిప్పుదాం:

```
f(x, y) = ((x + y)² + 100·(x − y)²) / 4
```

ఇప్పుడు x, y రెండూ కలిసి కదిలితే చదును వాలు, ఒకదానికొకటి ఎదురుగా కదిలితే గట్టు. (6, 5) దగ్గర గ్రేడియంట్ లెక్కేస్తే x కి 55.5, y కి −44.5. రెండింటి పరిమాణం ఇంచుమించు ఒకటే. ఆడమ్ మొదటి స్టెప్పులో x ని 0.1 తగ్గిస్తుంది, y ని 0.1 పెంచుతుంది: (5.9, 5.1). x + y అప్పుడూ 11, ఇప్పుడూ 11. అంటే నీళ్లు పారే దిశలో ఒక్క అంగుళం కూడా ముందుకు పోలేదు, గట్టుకు అడ్డంగానే నడిచింది. v ఒక్కో వెయిట్‌ని విడిగా చూస్తుంది, వెయిట్ల మధ్య సంబంధం దానికి తెలియదు. అలాంటిచోట ఆదుకునేది m మాత్రమే, అంటే పాత మొమెంటమే. మొమెంటమ్‌కి మాత్రం కాలువ ఎటు తిరిగి ఉన్నా ఒకటే.

రెండోది, ఆడమ్ తనంతట తాను నెమ్మదించదు. మామూలు పద్ధతిలో అడుగుకి చేరేకొద్దీ గ్రేడియంట్ చిన్నదై స్టెప్పు కూడా చిన్నదవుతుంది. ఆడమ్‌లో గ్రేడియంట్ చిన్నదైతే √v కూడా చిన్నదవుతుంది, నిష్పత్తి నిలిచే ఉంటుంది. అడుగుకి చేరాక గ్రేడియంట్‌లో మిగిలేది బ్యాచ్ నాయిస్ మాత్రమే అనుకుందాం, ఒకదానికొకటి సంబంధం లేని ప్లస్సులూ మైనస్సులూ. అప్పుడు కూడా b1 0.9 తో సగటు స్టెప్పు సుమారు 0.23·lr ఉంటుంది, నాయిస్ ఎంత చిన్నదైనా సరే. అందుకే ఆడమ్‌తో lr ని చివరిదాకా స్థిరంగా ఉంచితే లాస్ ఒక ఎత్తులో ఆగి అక్కడే గజిబిజిగా తిరుగుతుంది. lr ని పదో వంతుకి తగ్గించిన కాసేపటికే లాస్ గబుక్కున కిందికి దిగితే, అంతకుముందు అది నేర్చుకోవడం ఆగలేదు, స్టెప్పు పెద్దదై అడుగులోకి దిగలేకపోయిందని అర్థం.

మూడోది, v కి జ్ఞాపకం ఎక్కువ. b2 0.999 అంటే పాత విలువ సగానికి తగ్గడానికి 693 స్టెప్పులు పడుతుంది. ఒక వెయిట్‌కి చాలాకాలం గ్రేడియంట్ 1 చుట్టూ వస్తూ, ఒక చెడ్డ బ్యాచ్ వల్ల ఒక్కసారి 100 వచ్చిందనుకుందాం. v లోకి 10,000 లో వెయ్యో వంతు, అంటే 10 చేరి మొత్తం 11 అవుతుంది. వర్గమూలం 3.3. m లోకి 10 చేరుతుంది, పాతవాటితో కలిపి దాదాపు 10.9. స్టెప్పు 3.3·lr. ఒక్క స్టెప్పుతో కూడా పోదు, m లో ఆ 10 తర్వాతి స్టెప్పుల్లో 9, 8.1 అని మిగులుతూ అదే తప్పు వైపుకి నెడుతూ ఉంటుంది. ఆ నెట్టుడు మొత్తం కలిపితే lr కి ముప్పై రెట్లు దాకా వెళ్తుంది. అది అయిపోయాక రెండో బాధ: v 11 దగ్గర ఉండిపోయింది కాబట్టి మామూలు గ్రేడియంట్లకి ఆ వెయిట్ మూడో వంతు వేగంతోనే నడుస్తుంది, వందల స్టెప్పులపాటు. లాస్ గ్రాఫులో ఒక పదునైన శిఖరం, దాని వెనక పొడవాటి మందకొడి తోక కనిపిస్తే ఈ లెక్క గుర్తుచేసుకోవాలి.

మామూలు మందు గ్రేడియంట్ క్లిప్పింగ్, ఆ 100 ని లోపలికి రానివ్వకుండా గుమ్మం దగ్గరే కోసేయడం. ఇంకో మందు b2 ని తగ్గించడం. జీపీటీ-3 ట్రైనింగ్‌లో b2 ని 0.95 గా పెట్టారు. అదే చెడ్డ బ్యాచ్‌ని దీంతో లెక్కేస్తే v లోకి 10,000 లో ఇరవయ్యో వంతు, అంటే 500 చేరుతుంది, వర్గమూలం 22 పైన. స్టెప్పు 10.9 ని 22.4 తో భాగించినంత, lr లో సగం కూడా లేదు. పైగా v సగానికి తగ్గడానికి 14 స్టెప్పులు చాలు కాబట్టి, మామూలుగా 1 చుట్టూ గ్రేడియంట్లు వస్తుంటే 170, 180 స్టెప్పుల్లో ఆ శిఖరం జాడ v లోంచి దాదాపు చెరిగిపోతుంది. కానీ ఇరవై స్టెప్పుల సగటు వెయ్యి స్టెప్పుల సగటంత నిలకడగా ఉండదు, చిన్న బ్యాచ్‌తో నడిచే మోడల్‌లో √v ప్రతి కొన్ని స్టెప్పులకీ పైకీ కిందికీ జరుగుతూ lr ని కూడా తనతో పాటు ఊపుతుంది. పెద్ద బ్యాచ్‌లలో గ్రేడియంట్ అప్పటికే చాలా ఉదాహరణల సగటు కాబట్టి ఆ ఊపు అంతగా తెలియదు, 0.95 అక్కడ నిభాయిస్తుంది. బ్యాచ్ సైజు 32 దగ్గర ఆడించేవాళ్లు అదే సంఖ్యను కాపీ చేసే ముందు రెండు రన్‌లూ పక్కపక్కన పెట్టి √v సగటును లాగ్ చేసి చూసుకోవడం మంచిది.